మూడో వరస

సూర్యావతికి ధరలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ధరలు ఊపిరి తీసుకుంటాయని ఆమె నమ్మకం. అమలాపురంలో గల్ఫ్ టికెట్లు కొట్టే చిన్న ట్రావెల్స్‌లో మొదటి కుర్చీ దొరికినప్పుడు, కంప్యూటర్ తెర మీద ఛార్జీలు పొద్దున ఒకలా మధ్యాహ్నం ఒకలా మారుతుంటే, గోదావరిలో పోటూ పాటూ చూసినంత ఆశగా చూసేది. విమానంలో సీట్లు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. బయల్దేరే రోజు దగ్గరయ్యేకొద్దీ ఒక్కోసారి ఎగురుతుంది, ఒక్కోసారి హఠాత్తుగా కూలుతుంది. ఎప్పుడు కొనాలో, ఎప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలో ఆమెకి వేళ్ళకే తెలిసేది.

ఆ వేళ్ళే ఆమెని కువైట్ తెచ్చాయి. మిర్కాబ్‌లో ఒక ట్రావెల్స్ కౌంటరు వెనక తొమ్మిదేళ్ళుగా కూర్చుంటోంది. ఎదురుగా వచ్చి నిలబడేవాళ్ళు ఎక్కువమంది మన ఆడవాళ్ళే. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, రెండేళ్ళకోసారి సెలవు దొరికితే పాస్‌పోర్టు చీర కొంగులో చుట్టుకుని వస్తారు.

ఆమెని ఊరు వదిలేలా చేసింది మాత్రం భర్త రమేష్‌బాబు. అమలాపురంలో మొబైల్ రీఛార్జి కొట్టు ఉండేది అతనికి. క్రికెట్ పందేలు ఆ కొట్టుని మింగేశాయి. పోయినప్పుడల్లా, "ఒక్క మ్యాచ్ చాలు సూర్యా, అంతా తిరిగొచ్చేస్తది" అనేవాడు. ఆ ఒక్క మ్యాచ్ ఎప్పుడూ రేపే ఉండేది. కొట్టు పోయింది. ఆమె విమానం ఎక్కింది.

అతను ఎక్కడెక్కడ ఎలా పోగొట్టాడో తెలుసుకుందామని ఒకసారి అతని ఐడీ తెరిచి చూసింది. పందేల ఏజెంటు ఇచ్చిన పాస్‌వర్డుతో తెరుచుకునే ఆ ఆన్‌లైన్ పందేల ఎక్స్ఛేంజ్‌లో ఒక సంగతి ఆమెని కట్టిపడేసింది. అక్కడ పందెం కాసి ఊరుకోనక్కర్లేదు. ఆట నడుస్తుండగానే రేటు మారుతుంది, కొన్నది మళ్ళీ అమ్ముకోవచ్చు. విమానం టికెట్టులాగే. నీలం గడి నొక్కితే ఒక జట్టు గెలుస్తుందని పందెం. పందేలవాళ్ళ మాటలో లగాయి. గులాబీ గడి నొక్కితే ఆ జట్టు గెలవదని ఎదుటివాడికి పూచీ పడటం, అది ఖాయి. గెలవదంటే ఓడినా సరే, సమానమైనా సరే.

రమేష్‌బాబుకి తెలిసింది లగాయి ఒక్కటే. సూర్యావతి రెండూ కలిపి కుట్టడం నేర్చుకుంది. క్రికెట్ వదిలి ఫుట్‌బాల్ పట్టింది. కారణం ఒక్కటే, ఫుట్‌బాల్లో గోలు అరుదు. పడిన క్షణాన రేటు మెట్లమీంచి దొర్లిన బిందెలా కిందికి పడుతుంది. ముందు ఎక్కువ రేటుకి లగాయి కొట్టి, గోలు పడ్డాక తక్కువ రేటుకి ఖాయి కొడితే, చివరికి ఎవరు గెలిచినా, ఎవరూ గెలవకపోయినా ఒకే లాభం మిగులుతుంది. తెర మీద మూడు వరసల కిందా ఆకుపచ్చ అంకెలు వస్తాయి. దాన్నే గ్రీన్ చెయ్యడం అంటారు. గోలు అవతలివాళ్ళది అయితే, దొరికిన రేటుకే అమ్మేసి, చిన్న నష్టం ఒప్పుకుని లేచిపోవాలి.

నేర్చుకునేటప్పుడు ఆమె కూడా దెబ్బలు తింది. లగాయి ఎంతో ఖాయి కూడా అంతే కొట్టి, జట్టు గెలిస్తేనే లాభం, లేకపోతే సున్నా అని తర్వాత గ్రహించింది. గోలు పడగానే తొందరపడి, ఇంకా కుదురుకోని రేటుకి అమ్ముకుంది. టీవీని నమ్మింది. టీవీలో బంతి ఇంకా మధ్యలో తిరుగుతుండగానే ఎక్స్ఛేంజ్ తెర మీద మార్కెట్ ఆగిపోతుంది, అంటే గోలు పడిందని పందేలు ఆపేస్తారు. మైదానం నుంచి బొమ్మ మన గదికి చేరేలోపే అక్కడ అంతా జరిగిపోయి ఉంటుంది. ఆకాశంలో కనిపించే నక్షత్రం ఎప్పటిదో అయినట్టు టీవీలో కనిపించే ఆట కూడా ఎప్పటిదో.

ఇది రెండు దేశాల్లోనూ చట్టం ఒప్పుకోని పని అని ఆమెకి తెలుసు. కిటికీ తెర వేసే కూర్చునేది. కానీ తనది పందెం కాదని, వ్యాపారమని నమ్మేది. వారానికి ఒక్క మ్యాచ్. ఒక్కసారి కొనడం, ఒక్కసారి అమ్మడం. ఆపైన లాప్‌టాప్ మూత.

ఆరు నెలల కింద రమేష్‌బాబు దజీజ్‌లో ఒక గోడౌన్‌కి డ్రైవరుగా వచ్చాడు. వీసా ఆమే చూసింది. ఎయిర్‌పోర్టు నుంచి ఫర్వానియా గదికి వచ్చే దారిలోనే షరతు చెప్పేసింది.

"ఏవండీ, ఒక్కటే మాట. పోయినదాని ఎనకాల ఇంకోసారి పరిగెట్టారంటే, మీ టికెట్టు నేనే కొడతాను. ఒన్ వే."

"కిటికీ సీటు ఇప్పిస్తావా?" అన్నాడు రమేష్‌బాబు.

ఆమె నవ్వలేదు. అతనికి అర్థమైంది. ఆ తర్వాత నవ్వు కలిపి మాట్లాడలేదు ఆ విషయం. శనివారాల్లో ఆమె పక్కన కూర్చుని టీ అందించేవాడు, అంతే. మౌసు ముట్టుకునేవాడు కాదు.

*

రెండువేల పదమూడు, నవంబరు. శనివారం. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందే సూర్యావతి తెల్లచొక్కాల జట్టు మీద రెండొందల పాయింట్లు లగాయి కొట్టింది. రేటు మూడు, అంటే తెల్లవాళ్ళు గెలిస్తే పెట్టిన రెండొందలతో కలిపి ఆరొందలు వస్తాయి. ఆట పావు తక్కువ నాలుగుకి మొదలు. శనివారం ఒంటిపూట పనే కాబట్టి అప్పటికి ఇంట్లో ఉంటుంది.

ఉండలేకపోయింది. మధ్యాహ్నం కరుణమ్మ వచ్చింది. రాజోలు దగ్గర ఏదో ఊరు. సల్వాలో ఒక ఇంట్లో వంటపని. ఆ రాత్రే విమానం. టికెట్టు వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇంకెక్కడో కొనిపెట్టింది. అందులో కరుణమ్మ పేరుకి బదులు ఇంటిపేరు రెండుసార్లు పడింది.

"ఎయిర్‌పోర్టులో ఆపేత్తారంటండీ! మామా ఫోను ఎత్తట్లేదు. ఆయ్, నాకు ఏం చెయ్యాలో తెలీట్లేదండీ."

"కూర్చో కరుణమ్మా. ఏడవకు. పేరు మార్పిద్దాం."

ఎయిర్‌లైన్ వాళ్ళ లైను ఎంతకీ కలవడం లేదు. ఫోనులో ఒకే సంగీతం తిరిగి తిరిగి వస్తోంది. గోడగడియారం నాలుగు దాటింది. సూర్యావతి ఇంటికి ఫోను చేసి, "లాప్‌టాప్ తెరిచి చూస్తూ ఉండండి. ఏదీ నొక్కకండి" అంది.

అయిదు కావస్తుండగా రమేష్‌బాబు ఫోను.

"సూర్యా! మార్కెట్ ఆగిపోయింది... టీవీలో ఇంకా... ఆ! గోల్! మనోళ్ళే! తెల్లోళ్ళే!"

సూర్యావతి గడియారం చూసింది. ఇంటికి చేరడానికి ఇంకా అరగంట. ఈలోపు ఎర్రచొక్కాలు సమానం చేస్తే అంతా పోతుంది.

"వినండి. నెమ్మదిగా. తెరుచుకున్నాక కాసేపు ఆగండి. రేట్లు కుదురుకోవాలి. ఏం కనిపిస్తోంది?"

"ఒకటీ అరవై... ఒకటిన్నర... ఒకటిన్నర దగ్గర నిలబడింది."

"తెల్లవాళ్ళని ఖాయి. గులాబీ గడి. నాలుగొందలు. ఎవరు గెలిచినా మనకి రెండొందలు మిగులుతుంది."

"ఆగాగు. నాలుగొందలు అంటే మళ్ళీ మనవైపు రెండొందలు రిస్కు చూపిస్తందేంటి? ఇప్పటికే రెండొందలు పెట్టాం కదా?"

"అది అలాగే చూపిస్తుందండీ, ముందుదానితో కలిస్తే..."

సరిగ్గా అప్పుడే ఇంకో చెవిలో సంగీతం ఆగి, ఎయిర్‌లైన్ మనిషి గొంతు వినిపించింది. ఎదురుగా కరుణమ్మ రెండు చేతులూ జోడించింది.

"నొక్కండి," అని సూర్యావతి ఇటు తిరిగి పాస్‌పోర్టు నంబరు చదవడం మొదలుపెట్టింది.

పేరు మారింది. కొత్త కాగితం వెచ్చగా ప్రింటరు లోంచి వచ్చింది. కరుణమ్మ దాన్ని కళ్ళకి అద్దుకుంది. అప్పుడు సూర్యావతి రెండో ఫోను చెవికి పెట్టుకుంది.

"అయిందా?"

"ఎప్పుడో అయిపోయింది. గ్రీనే గ్రీను."

"రెండొందలేనా?"

"ఇంటికిరా. చూసి నువ్వే మెచ్చుకుంటావు," అన్నాడు రమేష్‌బాబు.

ఆ గొంతు ఆమెకి తెలుసు. కొట్టు ఉన్న రోజుల్లో అర్ధరాత్రి తలుపు తట్టే గొంతు అది. టాక్సీలో కూర్చున్నంతసేపూ అద్దం బయట సాయంత్రం రంగు మారుతుంటే, ఇసుక కలిసిన వెలుగు భవనాల మీంచి ఒక్కో అంతస్తూ దిగిపోతుంటే, ఆమె ఒకే మాట అనుకుంటూ వచ్చింది. రెండొందలని ఎందుకు చెప్పలేదు?

*

గదిలో టీవీ గొంతు తగ్గించి ఉంది. తెల్లచొక్కాలు ఒకటి, ఎర్రచొక్కాలు సున్నా. డెబ్బై అయిదో నిమిషం. రమేష్‌బాబు లాప్‌టాప్‌ని ఆమె వైపు తిప్పాడు, పెళ్ళిలో కట్నం పళ్ళెం తిప్పినట్టు.

"చూడు. నువ్వు రెండొందలు అన్నావు. తెల్లోళ్ళు గెలిస్తే మూడొందల నలభై. ఎర్రోళ్ళు గెలిచినా మూడొందల నలభై!"

"ఖాయి కొట్టలేదా మీరు?"

"ఖాయి ఎందుకు? అదే కదా, ఎర్రోళ్ళని లగాయి కొట్టా. అరవయ్యే పెట్టా, రేటు పది. తెల్లోళ్ళు ఓడాలనటం, ఎర్రోళ్ళు గెలవాలనటం ఒకటే కదేంటి? క్రికెట్‌లో ఎన్నిసార్లు చెయ్యలేదూ!"

సూర్యావతి తెర వైపు చూసింది. క్రికెట్‌లో రెండే వరసలు. ఇద్దరిలో ఒకరు గెలవకపోతే రెండోవాడు గెలుస్తాడు. అక్కడ అది తెలివే. ఇక్కడ ఆ రెండు ఆకుపచ్చ అంకెల కింద మూడో వరస ఒకటి ఉంది, అతను స్క్రోలు చేసి చూడనిది. ఆమె వేలితో కిందికి జరిపింది.

డ్రా. ఎర్రటి అంకె. రెండొందల అరవై నష్టం.

"ఇదేంటి?" అన్నాడు రమేష్‌బాబు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, దిగడానికి చోటు లేక.

"ఇద్దరూ గెలవకపోతే మన రెండు పందేలూ పోతాయి. మీరు తలుపులు రెండు మూసి, గోడ కట్టడం మర్చిపోయారు."

"ఇంకో పావుగంటే కదా, ఒకటి సున్నా ఉంది..."

"డ్రా రేటు ఆరు ఉంది. వంద లగాయి కొడితే మూడు వరసలూ రెండొందల నలభై అవుతాయి. ఇంకా మంచిదే. జరగండి."

"అయ్యో, మూడొందల నలభైలోంచి ఉత్తినే వంద తీసేస్తావా? అసలు డ్రా ఎక్కడవుద్ది సూర్యా? ఎర్రోళ్ళకి బంతే దొరకట్లేదు."

"జరగండి!"

ఆమె కుర్చీలో కూర్చుని డ్రా పక్కన నీలం గడి నొక్కింది. వంద. ఓకే. చిన్న చక్రం తిరగడం మొదలైంది. ఆట నడుస్తుండగా ఏ పందెమైనా కొన్ని క్షణాలు అలా గాలిలో నిలబడాల్సిందే. టీవీలో తెల్లచొక్కా ఒకడు బంతిని నెమ్మదిగా వెనక్కి పంపుతున్నాడు. చక్రం తిరుగుతోంది.

తెర బూడిదరంగుకి మారింది. మార్కెట్ ఆగింది.

టీవీలో ఇంకా ప్రశాంతంగా బంతి దొర్లుతోంది. ఏం జరగబోతోందో తెలిసీ ఆపలేని కలలా, ఎర్రచొక్కా ఒకడు ఆ బంతిని అందుకున్నాడు, పరిగెత్తాడు, కొట్టాడు. వల ఊగింది. అతను రెండు చేతులూ చాపి పరిగెత్తుతుంటే, వాళ్ళ గదికి ఆ కేకలు చిన్నగా, దూరపు వానలా వినిపించాయి.

ఆమె కొట్టిన వంద రద్దయింది. గోలుకి ముందు కుదరని పందెం ఏదీ నిలవదు.

మార్కెట్ తెరుచుకుంది. డ్రా రేటు ఒకటీ అరవై.

"ఇప్పుడు మూడొందల డెబ్బై అయిదు పెడితే," అంది సూర్యావతి లెక్క వేసుకుంటూ, "మూడు వరసల్లోనూ ముప్పై అయిదు నష్టం. అంతే. ఇక్కడితో అయిపోతుంది."

"మూడింట్లోనూ నష్టమా?" రమేష్‌బాబు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరన్నా ఇంతేసి పెట్టి నష్టాన్ని కొనుక్కుంటారా? ఇంకా పది నిమిషాలుంది. ఎవడో ఒకడు ఏత్తాడు. ఎవడేసినా మనకి మూడొందల నలభై! ఒక్క గోలు చాలు సూర్యా..."

ఆ మాట తను అన్నాక అతనికే వినబడింది. కానీ చెయ్యి వదల్లేదు.

ఆమె విదిలించుకునే లోపల తెర తెల్లబోయింది. నిషేధించిన సైటు తెరిచే వీపీఎన్, ఆ దేశం దాటించే దొంగదారి కనెక్షన్, తెగింది. మళ్ళీ కలపాలి. పాస్‌వర్డు. చక్రం. మళ్ళీ పాస్‌వర్డు. టీవీలో నిమిషాలు కారిపోతున్నాయి. ఎనభై. ఎనభై రెండు. రెండు జట్లూ అలిసిపోయి బంతిని అటూ ఇటూ తోసుకుంటున్నాయి. సమానంతో సర్దుకుపోయేవాళ్ళలా ఉన్నారు.

ఎనభై ఆరో నిమిషంలో తెర తిరిగొచ్చింది. డ్రా ఒకటీ పాతిక.

"ఎంత?" అన్నాడు రమేష్‌బాబు.

"నాలుగొందల ఎనభై పెట్టాలి. మూడింట్లోనూ నూట నలభై నష్టం. వదిలేస్తే, డ్రా అయితే రెండొందల అరవై."

"ఎవడన్నా ఏస్తే?"

"అవును. ఎవడన్నా వేస్తే మూడొందల నలభై లాభం."

ఆమె లేచి కుర్చీ అతనికి ఇచ్చింది.

"పందెం మీరు కొట్టారు. తెంచడం కూడా మీ చేత్తోనే జరగాలి. లేదూ, ఎవడో ఒకడు వేస్తాడని కూర్చుంటానంటే కూర్చోండి. నేనేమీ అనను."

ఏమీ అనను అన్నదాని అర్థం అతనికి తెలుసు. మిర్కాబ్‌లో ఆమె కౌంటరు, అందులో కీబోర్డు, దాని మీద తిరిగే వేళ్ళు అతని కళ్ళముందు మెదిలాయి. ఒన్ వే.

రమేష్‌బాబు కూర్చున్నాడు. మౌసు మీద చెయ్యి పెట్టాడు. అతని జీవితంలో పోగొట్టిన పందేలు లెక్కలేనన్ని. కానీ వాటిలో ఒక్కటి కూడా తన చేత్తో పోగొట్టుకోలేదు. అన్నీ వాటంతట అవే పోయాయి. ఎవడో ఔటై, ఎవడో క్యాచ్ వదిలి, వాన పడి. నష్టాన్ని తనే పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టడం ఇదే మొదలు.

నాలుగు. ఎనిమిది. సున్నా. నొక్కాడు.

చక్రం తిరిగింది. తిరిగింది. ఆగింది. పందెం కుదిరింది.

మూడు వరసల కిందా ఒకే ఎర్ర అంకె. నూట నలభై. నూట నలభై. నూట నలభై. మూడు చిన్న గాయాలు, ఒకే లోతున.

"అబ్బ," అన్నాడు రమేష్‌బాబు. ఆశ్చర్యంగా, "ఇంతేనా నొప్పి?" అన్నాడు.

సూర్యావతి అతని భుజం మీద చెయ్యి వేసింది. అతని చొక్కా తడిసి ఉంది.

అదనపు సమయం మొదలైంది. ఇద్దరూ టీవీ వైపే చూస్తున్నారు, ఇక తమది కాని ఆటని. లాప్‌టాప్ తెర మరోసారి బూడిదరంగుకి మారింది. అతను చూశాడు. ఆమె చూసింది. కొన్ని క్షణాల తర్వాత టీవీలో ఎర్రచొక్కాల వాడు తలతో బంతిని వలలోకి నెట్టాడు. రెండు ఒకటి.

ఆపకుండా ఉంటే మూడొందల నలభై.

సూర్యావతి భర్త ముఖం చూడటానికి భయపడింది. పాత కొట్టు, పాత గొంతు, రాబోయే అరుపు కోసం ఎదురుచూసింది. రమేష్‌బాబు లేచాడు. వంటగట్టు దగ్గరికి వెళ్ళి స్టవ్ వెలిగించాడు.

"టీ పెడతాను," అన్నాడు. "పెద్ద కప్పే పెడతాలే. నష్టంలో ఉన్నాం కదా."

కిటికీ తెర అవతల సాయంత్రపు మగ్రిబ్ అజాన్ ఎప్పుడో అయిపోయింది. వీధి దీపాలు వెలిగాయి. అతను అటు తిరిగి చక్కెర డబ్బా వెతుకుతున్నాడు. పాలు పొంగు మీదకొస్తున్న చప్పుడు. లాప్‌టాప్ ఇంకా తెరిచే ఉంది.

ఆరు గంటల మ్యాచ్‌ల జాబితా తెర మీద వరసగా వెలుగుతోంది. సూర్యావతి కుర్చీలో కూర్చుంది. ఊరికే చూద్దామనుకుంది. ఒక జట్టు రేటు మూడున్నర. చాలా మంచి రేటు. గోలు పడితే రెండు కన్నా కిందికి దిగుతుంది. నూట నలభై ఎంతలోకి! వారానికి ఒక్క మ్యాచ్ అని పెట్టుకున్నది తనే కదా, తను పెట్టుకున్నది తను సడలించుకోవచ్చు. ఎప్పుడూ రెండొందలే. ఈసారి నాలుగొందలు. ఇది పందెం కాదు. వ్యాపారం. ఒక్క గోలు చాలు. తొమ్మిదేళ్ళుగా ఎవరి సీట్లు వాళ్ళకి సర్దిపెట్టే ఆ వేళ్ళు, ఆమెని అడక్కుండానే, నీలం గడిలో నాలుగు నొక్కాయి. సున్నా నొక్కాయి. ఇంకో సున్నా నొక్కాయి.

కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. రమేష్‌బాబు వెనక నిలబడి తెర చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచో ఆమెకి తెలియదు.

అతను మౌసు మీదికి చెయ్యి చాచలేదు. ఆమె చెయ్యి పట్టుకోలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నాకైతే నువ్వు కొడతానన్నావు సూర్యా టికెట్టు," అన్నాడు. "మరి నీకెవరు కొడతారు?"

గదిలో పాలవాసన. గోడ అవతల ఎవరో మలయాళీ పిల్లాడు పాఠం వల్లె వేస్తున్నాడు. ఆమె ఫోను మోగింది. ఎయిర్‌పోర్టు నుంచి కరుణమ్మ. రమేష్‌బాబు ఎత్తాడు.

"మేడంగారికి చెప్పండి బాబూ, లోపలికి పంపించేత్తన్నారు, పేరు సరిపోయిందంట, ఆయ్!" ఆ గొంతు గదంతా వినిపించింది.

సూర్యావతి కప్పు అందుకోలేదు. తెర వైపు చూసింది. అక్కడ రేటు అప్పుడే కదిలింది. మూడున్నర నుంచి మూడూ నలభై. ఊపిరి పీల్చుకుంటోంది. పిలుస్తోంది.

ఆమె వేలు చెరిపే మీట మీదికి వెళ్ళింది. సున్నా పోయింది. రెండో సున్నా పోయింది. నాలుగు కాసేపు ఒక్కటే గడిలో నిలబడింది, ఆమె కేసి చూస్తూ. తర్వాత అదీ పోయింది.

"మూత వెయ్యండి," అంది భర్తతో. "నా చేత్తో కాదు, మీ చేత్తో."